అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే మెయిల్ ఆగుతుంది, చందా ఆగదు

ప్రశ్న: మాది కావలి దగ్గర. రొయ్యల ఎగుమతి ధరల గురించి వచ్చే ఒక ఇంగ్లీషు న్యూస్‌లెటర్‌కి నెలకి 449 రూపాయలు కడుతున్నాను. ఈ ఏడాది చెరువు వేయలేదు, ఇక అవసరం లేదని ఫిబ్రవరిలోనే మెయిల్ కింద ఉన్న Unsubscribe నొక్కాను. మెయిళ్లు ఆగిపోయాయి గానీ ప్రతి నెలా 11వ తేదీన డబ్బు పోతూనే ఉంది. నాలుగు నెలలైంది. మళ్లీ అన్‌సబ్‌స్క్రైబ్ చేద్దామంటే అసలు మెయిలే రావట్లేదు. ఏం చేయాలి సార్? పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు:

మీరు నొక్కిన బటన్ తన పని సరిగ్గానే చేసింది. మెయిళ్లు ఆగింది అందుకే. అయితే దాని పని అంతవరకే. మీ చందా వేరే చోట ఉంది, దాన్ని మీరింకా ముట్టుకోలేదు.

నేను చెన్నైలో ఆరేళ్లు ఇలాంటి ఆన్‌లైన్ చందాల కస్టమర్ సపోర్ట్‌లో పనిచేశాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. “అన్‌సబ్‌స్క్రైబ్ చేశాం కదా, అయినా డబ్బులు ఎందుకు తీసుకున్నారు?” అనే ఫోన్ మాకు రాని వారం లేదు. వాళ్లలో లెక్చరర్లు ఉండేవారు, ఆడిటర్లు కూడా ఉండేవారు. కాబట్టి మీకొక్కరికే తెలియలేదని అనుకోకండి.

గందరగోళం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. మనకి సబ్‌స్క్రిప్షన్ అంటే చందా. వారపత్రికకి చందా కట్టిన అలవాటు మనది. అందుకే Unsubscribe అని కనబడగానే చందా మానుకోవడం అనే అనుకుంటాం. మెయిల్ కింద ఉండే ఆ మాటకి మాత్రం అర్థం వేరు: ఈ చిరునామాకి ఈ మెయిళ్లు పంపొద్దు. ఉచితంగా వచ్చే దుకాణాల ప్రకటనల విషయంలో ఈ రెండు అర్థాలకీ తేడా రాదు, ఎందుకంటే అక్కడ మెయిల్ తప్ప ఇంకేమీ లేదు. డబ్బు కట్టే న్యూస్‌లెటర్‌లో మెయిల్ ఒకటి, ఒప్పందం ఒకటి. అక్కడే దెబ్బ తగులుతుంది.

ఇంటికి పేపర్ వేసే కుర్రాడితో “రేపటి నుంచి వేయొద్దురా” అని చెప్పి, ఏజెంటుకి మాత్రం చెప్పలేదనుకోండి. కుర్రాడు వేయడం మానేస్తాడు. ఏజెంటు పుస్తకంలో మీ పేరు అలాగే ఉంటుంది. ఒకటో తేదీన బిల్లు పట్టుకుని వస్తే గుమ్మం దగ్గరే తేల్చుకుంటాం. ఈ న్యూస్‌లెటర్ల ఏజెంటు గుమ్మం దాకా రాడు. మొదటి రోజే మీరిచ్చిన అనుమతితో నేరుగా ఖాతాలోంచి తీసుకుంటాడు.

కంపెనీ లోపల ఇది ఎలా ఉంటుందో చెబుతాను. సపోర్ట్‌లో మీ మెయిల్ ఐడీ కొడితే మా తెర మీద రెండు గళ్లు పక్కపక్కనే వచ్చేవి. ఒకదాంట్లో మెయిల్ స్థితి, ఇంకోదాంట్లో ప్లాన్ స్థితి. మెయిల్ గడిలో Unsubscribed అని తేదీతో సహా ఉంటుంది. పక్క గడిలో Active, తర్వాత కట్ అయ్యే తేదీ ఉంటాయి. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ ఒకటి, డబ్బు వసూలు చేసే సాఫ్ట్‌వేర్ మరొకటి. మెయిల్ గడి మారినంత మాత్రాన ప్లాన్ గడి మారదు.

రెండింటినీ కలిపేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కలపకపోవడానికి ఒక న్యాయమైన కారణం ఉంది. పెద్ద ఎత్తున పంపే మెయిళ్లలో మనకి కనబడని పైభాగంలో ఇలాంటి వరుసలు ఉంటాయి:

```
List-Unsubscribe: <https://example.com/u/8f3a>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

జీమెయిల్‌లో పంపినవారి పేరు పక్కన Unsubscribe అని కనబడేది ఈ వరుసల వల్లే. మీరు నొక్కగానే జీమెయిల్ ఆ లింకుకి ఒక చిన్న సందేశం పంపుతుంది. లాగిన్ ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, నొక్కింది మీరేనా అన్న తనిఖీ ఉండదు. మీరు ఫార్వర్డ్ చేసిన మెయిల్‌ని మీ బావగారు తెరిచి కింద ఉన్న లింకు నొక్కినా మీ పేరు జాబితాలోంచి పోవచ్చు. ఆఫీసుల్లో వైరస్ తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్లు మెయిల్లోని లింకులన్నీ తామే తెరిచి చూస్తాయి, వాటివల్ల కూడా పొరపాటున అన్‌సబ్‌స్క్రైబ్ అయిన సందర్భాలు ఉన్నాయి. అంత వదులుగా ఉన్న బటన్‌తో ఏడాది చందా రద్దయితే ఇంకో రకం గొడవ మొదలవుతుంది. అందుకే చందా రద్దుకి లాగిన్ అడుగుతారు.

ఈ బటన్ ఈ మధ్య ఎక్కువగా కనబడడానికీ కారణం ఉంది. రోజుకి 5,000కి పైగా మెయిళ్లు జీమెయిల్ ఖాతాలకి పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆగే సదుపాయం ఇవ్వాలని, అడిగిన రెండు రోజుల్లో ఆపాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. అది మెయిల్ నియమం. మీ డబ్బు గురించి అందులో ఏమీ లేదు.

కంపెనీల తప్పు ఇంకో చోట ఉంది. డబ్బు కడుతున్న మనిషి Unsubscribe నొక్కినప్పుడు వచ్చే పేజీలో “మీ చందా ఇంకా నడుస్తోంది, రద్దు చేయాలంటే ఇక్కడికి వెళ్లండి” అని ఒక్క వాక్యం పెట్టొచ్చు. కొందరు పెడతారు. చాలామంది “మీరు విజయవంతంగా అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యారు” అని పచ్చటి టిక్కు పెట్టి ఊరుకుంటారు. ఆ టిక్కు చూసిన ఎవరైనా పని అయిపోయిందనే అనుకుంటారు. ఇది నాకు సమ్మతం కాదు, అక్కడ పనిచేసిన రోజుల్లోనూ కాదు.

అసలు నష్టం దీని తర్వాత జరుగుతుంది. చందా ఉందని మీకు గుర్తుచేసేవి ఆ వారం వారం వచ్చే మెయిళ్లే. అవి ఆగిపోయాక ఇల్లు నిశ్శబ్దం. డబ్బు పోతున్నది కూడా నిశ్శబ్దంగానే.

మా బాబాయి సంగతి చెబితే మీకు మొత్తం అర్థమవుతుంది. ఆయనది విడవలూరు మండలం, రొయ్యల చెరువులు ఉన్నాయి. 2023 జూన్‌లో ఇలాంటిదే ఒక మార్కెట్ న్యూస్‌లెటర్‌కి ఏడాదికి 3,600 కట్టాడు, డెబిట్ కార్డుతో. నవంబరు కల్లా విసుగొచ్చి Unsubscribe నొక్కాడు. అంతటితో ఆగకుండా Report spam కూడా నొక్కాడు. 2024 జూన్‌లో మళ్లీ 3,600 పోయింది. ఆయన చూసుకున్నది జులైలో, మేత బకాయి లెక్క చూస్తున్నప్పుడు. “ఓటీపీ లేకుండా ఎట్లా తీస్తార్రా, ఎవడో దొంగతనం చేశాడు, కార్డు బ్లాక్ చేయిస్తా” అని నాకు ఫోన్ చేశాడు.

ఆదివారం వెళ్లి చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని ఆయన ఫోన్ చూశాను. చదవని ఎస్ఎంఎస్‌లు ఆరువందల చిల్లర ఉన్నాయి. వాటిలో డబ్బు పోయిన రోజుకి రెండు రోజుల ముందు బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్ దొరికింది. ఫలానా తేదీన, ఫలానా సంస్థకి 3,600 రూపాయలు ఆటోమేటిక్‌గా కట్ అవుతుంది, వద్దనుకుంటే ఈ లింకు ద్వారా ఆపుకోవచ్చు అని అందులో స్పష్టంగా ఉంది. కానీ సంస్థ పేరు చూస్తే న్యూస్‌లెటర్ పేరు కాదు, దాన్ని నడిపే కంపెనీ పేరు. బాబాయి ఆ పేరు జన్మలో వినలేదు. లోన్ ప్రకటన అనుకుని వదిలేశాడు.

కంపెనీ నుంచి కూడా ముందస్తు మెయిల్ వచ్చింది. రసీదులూ రెన్యువల్ గుర్తుచేతలూ ప్రచార మెయిళ్ల లెక్కలోకి రావు కాబట్టి, అన్‌సబ్‌స్క్రైబ్ చేసినా వాటిని పంపుతారు. ఆయన Report spam నొక్కి ఉన్నాడు గనుక అది Spam పెట్టెలోకి పోయింది. అక్కడ ముప్పై రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోతాయి. మేము చూసేసరికి ఇంకా వారం మిగిలి ఉంది, అందుకే దొరికింది.

ఓటీపీ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కార్డుల మీద ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చెల్లింపులకి రిజర్వ్ బ్యాంకు నియమాలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలవుతున్నాయి. అనుమతి ఇచ్చే మొదటిసారి ఓటీపీ తప్పనిసరి. ఆ తర్వాత 15,000 రూపాయల లోపు మొత్తానికి ప్రతిసారీ ఓటీపీ అడగనక్కర్లేదు. బదులుగా, కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందుగా బ్యాంకు మీకు తెలియజేయాలి, ఆపుకునే అవకాశమూ ఇవ్వాలి. మీ 449 ఓటీపీ లేకుండా పోవడానికి కారణం ఇదే. ఇది దొంగతనం కాదు, మీరు మొదటి రోజు ఇచ్చిన అనుమతి. బ్యాంకు వాళ్ల వాడుకలో దాని పేరు మాండేట్.

ఇప్పుడు మీ పని. ముందుగా మీ డబ్బు ఏ దారిలో పోతోందో తేల్చుకోండి, ఎందుకంటే రద్దు చేసే చోటు దాన్నిబట్టి మారుతుంది. జీమెయిల్ వెతికే గడిలో ఇది కొట్టండి:

```
in:anywhere ("449" OR "449.00")
```

ముందు in:anywhere పెడితే Spam, Trash కూడా వెతుకుతుంది. రసీదు దొరికితే మూడు విషయాలు రాసిపెట్టుకోండి: ఏ మెయిల్ ఐడీకి వచ్చింది, ఎవరి పేరుతో వచ్చింది, ఎలా కట్టారు. అది గూగుల్ ప్లే నుంచి వచ్చిన రసీదైతే మీరు ఫోన్ యాప్‌లో చందా కట్టారన్నమాట. అప్పుడు ప్లే స్టోర్‌లో మీ బొమ్మ నొక్కి Payments & subscriptions, అందులో Subscriptions తెరిచి అక్కడే రద్దు చేయాలి. యాప్ డిలీట్ చేసినంత మాత్రాన చందా ఆగదు, ఇదీ చాలామంది పడే గుంటే. ఐఫోన్ అయితే Settings తెరిచి పైన మీ పేరు నొక్కితే Subscriptions ఉంటుంది.

రసీదు న్యూస్‌లెటర్ వాళ్ల నుంచే వస్తే వాళ్ల సైటులో లాగిన్ కావాలి. ఇక్కడ మా బాబాయి దగ్గర అరగంట పోయింది. ఆయన మెయిల్‌తో లాగిన్ అయితే ఖాతాలో చందాయే కనబడలేదు, ఉచిత సభ్యుడని చూపించింది. చివరికి తేలిందేమిటంటే, డబ్బు కట్టిన రోజు మా తమ్ముడు తన మెయిల్ ఐడీతో ఒక ఖాతా తెరిచాడు, మెయిళ్లు బాబాయికి కూడా వచ్చేలా తర్వాత చేర్చాడు. మీకూ చందా కనబడకపోతే “లేదు కాబట్టి రద్దయిపోయింది” అని సంతోషపడకండి. వేరే మెయిల్ ఐడీ ఏదైనా వాడారేమో చూడండి. రసీదు ఏ ఐడీకి వచ్చిందో రాసుకోమన్నది దీనికోసమే.

లాగిన్ అయ్యాక Account, Billing, Membership లాంటి పేరున్న చోటికి వెళ్లండి. Notifications లేదా Email preferences అని ఉన్న చోటికి వెళ్లొద్దు, అది మళ్లీ మెయిల్ గడే. Billing పేజీలో Renews on అని ఒక తేదీ కనిపిస్తుంది. Cancel subscription లేదా Cancel membership నొక్కితే రెండు మూడు పేజీలు ఆపే ప్రయత్నం చేస్తాయి: సగం ధరకి ఇస్తామంటారు, మూడు నెలలు ఆపుకోమంటారు, కారణం అడుగుతారు. Pause ఎంచుకుంటే గడువయ్యాక మళ్లీ కట్ అవుతుంది, కాబట్టి దాన్ని నొక్కకండి. చివరి పేజీ దాకా వెళ్లండి. మధ్యలో మూసేసి రద్దయిందనుకున్నవాళ్లని లెక్కలేనంతమందిని చూశాను.

నిజంగా రద్దయిందా లేదా అన్నది ఒక్క గుర్తుతో తెలుస్తుంది. Billing పేజీకి తిరిగి రండి. Renews on ఉన్నచోట Ends on అనో Expires on అనో మారాలి. చందా చివరి తేదీ వరకు నడుస్తూనే ఉంటుంది, మీరు కట్టినదానికి ఆ రోజుల వరకు చదువుకోవచ్చు, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మాట మారకుండా ఇంకా Renews అనే ఉంటే రద్దు కాలేదు. మారిన పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. రద్దు మెయిల్ కూడా రావాలి, అది Spamలోకి పోయిందేమో చూసి, పోతే Not spam నొక్కి బయటికి తెచ్చుకోండి.

ఇదంతా అయ్యాక మాండేట్ సంగతి. యూపీఐతో కట్టి ఉంటే మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి Autopay అన్నచోట చూడండి, నడుస్తున్న అనుమతులన్నీ వరుసగా ఉంటాయి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకు పంపే ముందస్తు ఎస్ఎంఎస్‌లోని లింకు ద్వారా గానీ, బ్యాంకు యాప్‌లో గానీ రద్దు చేయొచ్చు. లింకు నొక్కేముందు అది నిజంగా మీ బ్యాంకు పంపే పేరుతోనే వచ్చిందో లేదో చూసుకోండి, ఇలాంటి ఎస్ఎంఎస్‌లకి నకిలీలు కూడా తిరుగుతుంటాయి. అనుమానంగా ఉంటే బ్రాంచికి వెళ్లి మాండేట్ రద్దు చేయమని రాసివ్వండి. మాండేట్ వివరాల్లో 449 బదులు రెండు వేలో ఐదు వేలో కనిపిస్తే కంగారు పడొద్దు. అది ఒకసారికి తీసుకోగల గరిష్ఠ మొత్తం మాత్రమే.

ముందు చందా, తర్వాత మాండేట్ అని ఎందుకంటున్నానంటే, మాండేట్ ఒక్కటే తెంచేస్తే డబ్బు పోవడం ఆగుతుంది గానీ కంపెనీ పుస్తకంలో మీరు బకాయి ఉన్న సభ్యుడిలా మిగులుతారు. పేమెంట్ ఫెయిలైంది, కార్డు మార్చండి అని మెయిళ్లు మొదలవుతాయి. పైగా డబ్బు వాపసు అడిగేటప్పుడు మీ దగ్గర రద్దు చేసిన రుజువు ఉండదు. అయితే 11వ తేదీ రేపే అయి, లాగిన్ కుదరకపోతే మాత్రం ముందు మాండేట్ ఆపేయండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. కార్డు బ్లాక్ చేయించడం దీనికి మందు కాదు. కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు ఆ కార్డు మీదే ఉంటే అవన్నీ ఆగి ఇంకో తలనొప్పి.

పోయిన డబ్బు గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నాలుగు నెలలవి 1,796 రూపాయలు. మొత్తం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేను, ఎందుకంటే వాళ్ల నియమాల ప్రకారం చందా నడుస్తూనే ఉంది. కానీ మీ చేతిలో ఒక మంచి రుజువు ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. ఫిబ్రవరిలో మీరు Unsubscribe నొక్కిన తేదీ వాళ్ల తెర మీదే ఉంది. ఆ తర్వాత మీకు ఒక్క సంచిక కూడా పంపలేదని వాళ్ల రికార్డే చెబుతుంది. నేను పనిచేసిన చోట ఇలా తేదీతో సహా రాసినవాళ్లకి చివరి చెల్లింపు దాదాపు ఎప్పుడూ వెనక్కి ఇచ్చేవాళ్లం. మర్యాదగా, స్పష్టంగా రాస్తే రెండు మూడు నెలలవి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. “మోసం చేశారు, కేసు పెడతా” అని మొదలుపెట్టిన మెయిళ్లు నేరుగా వేరే బల్లకి వెళ్లేవి, అక్కడ నిదానం.

కాబట్టి ఇలా రాయండి. ఫలానా తేదీన చందా మానుకునే ఉద్దేశంతోనే అన్‌సబ్‌స్క్రైబ్ చేశాను, చందా నడుస్తోందని ఆ పేజీలో నాకు చెప్పలేదు, ఆ తర్వాత నాకు సంచికలేవీ అందలేదు, నాలుగు చెల్లింపుల తేదీలు ఇవి, ఈ రోజు లాగిన్ అయి రద్దు చేశాను, స్క్రీన్‌షాట్ జతచేశాను, ఆ నాలుగూ వాపసు చేయండి. అంతే, పది వాక్యాలు దాటొద్దు. చందా ఉన్న మెయిల్ ఐడీ నుంచే పంపండి, లేకపోతే ఎవరని తేల్చుకోవడానికే వారం పడుతుంది. మా బాబాయికి ఇలాగే రాసిపెట్టాను. తొమ్మిదో రోజున 3,600 మొత్తం వెనక్కి వచ్చింది. ఆయన ఏడాది చందాలో వాడుకున్నది దాదాపు ఏమీ లేదు కాబట్టి వాళ్లకీ ఇవ్వడం తేలికైంది. నెలవారీ చందాలో పాత నెలలవి రాబట్టడం అంతకంటే కష్టం.

వాళ్లు జవాబే ఇవ్వకపోతే, లేదా రద్దు చేసే దారే దొరకనీయకుండా దాచిపెట్టారనుకుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. చందా రద్దు చేయడాన్ని కావాలని కష్టతరం చేయడం డార్క్ ప్యాటర్న్స్, అంటే వెబ్‌సైట్లు మనల్ని బోల్తా కొట్టించే ఎత్తుగడల మీద 2023 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో పేరుపెట్టి నిషేధించిన పద్ధతుల్లో ఒకటి. బ్యాంకుకి ఎప్పుడు వెళ్లాలంటే, మీరు రద్దు చేసిన తర్వాత కూడా డబ్బు పోతే. అప్పుడు స్క్రీన్‌షాట్‌తో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో బ్యాంకు తేల్చకపోయినా, మీకు న్యాయం జరగలేదనిపించినా రిజర్వ్ బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టుకోవచ్చు. రద్దు చేయకముందు పోయిన నాలుగింటికి బ్యాంకు మీద ఫిర్యాదు పెట్టినా నిలబడటం కష్టం. అనుమతి బతికే ఉంది, మీకు ముందస్తు ఎస్ఎంఎస్‌లూ పంపామని వాళ్లు చూపిస్తారు. ఆ ఎస్ఎంఎస్‌లు నిజంగా రాకపోతే అది వేరే విషయం, అది తప్పకుండా రాయండి.

వచ్చే 11కి ముందు రెండు రోజులు మీ ఫోన్‌లో బ్యాంకు ఎస్ఎంఎస్‌లు ఒక కంట చూస్తూ ఉండండి. 449 అంకె కనబడితే ఇంకా ఎక్కడో అనుమతి మిగిలి ఉన్నట్టు. అప్పుడు ఆ ఎస్ఎంఎస్‌లో ఉన్న సంస్థ పేరు ఇక్కడ రాయండి, కార్డు నంబరూ ఖాతా నంబరూ పెట్టకుండా. అది ఏ దారిలోది అన్నది చూసి చెబుతాను.